మాట కంటే ముందు వేలు

14 నెలల పాప నాన్న చంకలో ఉంది. ఆయన స్విచ్ వేయగానే పైన ఫ్యాన్ తిరగడం మొదలైంది. పాప తలెత్తి చూసింది. చూపుడువేలు పైకి చాపి "ఆ!" అంది. వేలు దించకుండానే తల తిప్పి నాన్న ముఖంలోకి చూసింది. ఆయన "అవునమ్మా, ఫ్యాన్! ఫ్యాన్ తిరుగుతోంది" అన్నాక మళ్ళీ ఒకసారి పైకి చూసి, అప్పుడు వేలు దించింది.

ఇదంతా నాలుగైదు సెకన్ల ముచ్చట. పాప "ఫ్యాన్" అనలేదు కాబట్టి ఇంట్లో ఎవరూ దీన్ని మాటల లెక్కలో వేయరు. స్పీచ్ థెరపిస్టుగా నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు మొదట చెప్పేది కూడా మాటల లెక్కే: "ఏడాదిన్నర వచ్చిందండీ, రెండు మూడు మాటలే అంటున్నాడు." నేను మాత్రం ముందు వేలు గురించి అడుగుతాను. ఏదైనా కావాలంటే వేలు చూపిస్తాడా? ఏమీ అక్కర్లేకపోయినా, ఊరికే మీరు కూడా చూడాలని చూపిస్తాడా? మొదటి ప్రశ్నకు జవాబు వెంటనే వస్తుంది. రెండోదానికి చాలామంది కాసేపు ఆలోచించాల్సి వస్తుంది. మాటలు ఎలా వస్తాయో అర్థం కావాలంటే ఆ రెండో ప్రశ్న దగ్గరే కాసేపు ఆగాలి.

అడిగే వేలు, చూపించే వేలు

వేలు ఉన్నట్టుండి రాదు. తొమ్మిది, పది నెలల వయసులో పిల్లలు కావలసినదాని వైపు చెయ్యంతా చాపుతారు. చేతిలో ఉన్నదాన్ని ఎత్తి చూపిస్తారు. మన చేతిలో పెడతారు, పెట్టిన మరుక్షణం లాక్కుంటారు. ఈ ఇవ్వడం, చూపించడం వేలుకు ముందు మెట్లు. ఏడాదికి అటూ ఇటూగా మిగతా వేళ్ళు ముడుచుకుని చూపుడువేలు ఒక్కటే ముందుకు వస్తుంది. కొందరిలో 9 నెలలకే కనిపిస్తుంది, కొందరిలో 14 దాకా పడుతుంది.

ఆ వేలు రెండు వేర్వేరు పనులు చేస్తుందని 1975లో ఎలిజబెత్ బేట్స్, లుయీజియా కమయోనీ, వర్జీనియా వోల్తెర్రా అనే పరిశోధకులు విడమరిచి చెప్పారు. ఒకటి అడిగే వేలు: "అది ఇవ్వు." అల్మారా మీది బొమ్మ వైపు చూపించి, అది చేతికి వచ్చేదాకా ఊరుకోకపోవడం. రెండోది చూపించే వేలు: "అది చూడు." ఫ్యాన్‌ను చూపించిన పాపకు ఫ్యాన్ అక్కర్లేదు. తాను చూస్తున్నదాన్ని నాన్న కూడా చూడాలి, అంతే. అందుకే వేలు చాపాక ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆ వెనక్కి తిరిగిన చూపు లేకపోతే రెండింటినీ వేరు చేయడం కష్టం.

2004లో ఉల్ఫ్ లిష్కోవ్‌స్కీ బృందం ఏడాది వయసు పిల్లలతో చేసిన ప్రయోగం దీన్ని ఇంకా స్పష్టం చేసింది. పిల్లల ఎదురుగా ఒక తెర వెనుక నుంచి బొమ్మలు ఉన్నట్టుండి పైకి వస్తాయి. పిల్లలు వేలు చూపిస్తారు. పక్కన కూర్చున్న పరిశోధకురాలు కొందరి దగ్గర బొమ్మనే చూస్తుంది, పిల్లలతో ఏమీ పంచుకోదు. ఇంకొందరి దగ్గర బొమ్మను వదిలేసి పిల్లల ముఖం చూస్తూ సంతోషంగా మాట్లాడుతుంది. కొందరిని అసలు పట్టించుకోదు. మిగిలినవాళ్ళ దగ్గర బొమ్మనూ పిల్లలనూ మార్చి మార్చి చూస్తూ దాని గురించే మాట్లాడుతుంది. ఈ చివరి రకం జవాబు దొరికిన పిల్లలే బొమ్మ వచ్చిన ప్రతిసారీ ఎక్కువగా చూపించారు. మిగతా పిల్లలు అదే బొమ్మను మళ్ళీ మళ్ళీ చూపించి, జవాబు రాకపోతుంటే తర్వాత తగ్గించేశారు. అంటే ఏడాది పిల్లకు కూడా కావలసింది ఇద్దరూ కలిసి ఒకే వస్తువును చూడడం. కేవలం ముద్దు చేస్తే అది తీరదు, కేవలం ఆ వస్తువు వైపు చూసినా తీరదు.

మాటలు నాటుకునే నేల అదే. ఒక వస్తువు, దాన్ని చూస్తున్న ఇద్దరు మనుషులు, సరిగ్గా ఆ క్షణంలో వినిపించిన పేరు.

వేలు చూపినదానికే మాట

2005లో జానా ఐవర్సన్, సూజన్ గోల్డిన్-మెడో పదిమంది పిల్లలను 10 నెలల వయసు నుంచి రెండేళ్ళ దాకా వెంబడించి చూశారు. ఒక వస్తువును పిల్లలు మొదట సైగతో చూపించి, సగటున మూడు నెలల తర్వాత దాని పేరు పలకడం మొదలుపెట్టారు. ఈ వారం వేలు దేనిమీద నిలుస్తోందో చూస్తే రాబోయే మాటల జాబితా కొంత మన కళ్ళ ముందే ఉన్నట్టు.

మరి వేలు ఎలా మాటగా మారుతుంది? ఒక దారి చాలా మామూలుది. పిల్ల చూపిస్తుంది, పెద్దవాళ్ళు దాన్ని మాటల్లోకి మారుస్తారు. పాప బంతిని చూపిస్తే అమ్మ "బంతి! బంతి దొర్లిపోయింది" అంటుంది. అలా తల్లులు మాటల్లోకి మార్చి చెప్పిన సైగలే పిల్లల మాటల్లోకి ఎక్కువగా చేరాయని గోల్డిన్-మెడో బృందం 2007లో చూపించింది.

ఇక్కడ ఒక చిన్న తేడా పెద్ద ఫలితం ఇస్తుంది. పిల్ల ఫ్యాన్ చూస్తుంటే మనం బొమ్మల పుస్తకం ముందు పెట్టి "ఇటు చూడు, ఏనుగు, ఏనుగు" అనడం ఒక పద్ధతి. పిల్ల ఏది చూస్తుందో దాని పేరే చెప్పడం ఇంకో పద్ధతి. మైకేల్ టొమసెల్లో, మైకేల్ ఫరార్ 1986లో ఏడాదిన్నర లోపు పిల్లలకు కొత్త పదాలు నేర్పి చూశారు. పిల్లలు అప్పటికే చూస్తున్న వస్తువుకు పేరు చెప్పినప్పుడు వాళ్ళు బాగా నేర్చుకున్నారు. దృష్టిని మళ్ళించి చెప్పినప్పుడు అంతగా నేర్చుకోలేదు. దృష్టి మళ్ళించుకోవడమే ఈ వయసులో పెద్ద పని. దానికే శక్తి ఖర్చయిపోతే పేరు వినడానికి ఏమీ మిగలదు.

తెలుగులో చూపించడానికే పుట్టిన మాటలు ఉన్నాయి: ఇదిగో, అదిగో. కొందరు పిల్లలకు వేలుతో పాటు వచ్చే తొలి మాటల్లో "దిగో" ఒకటవుతుంది. దాన్ని చాలామంది మాటగా లెక్కపెట్టరు. నేనైతే చాలా సంతోషంగా లెక్కపెడతాను.

ఏది మాట, ఏది కాదు

మాటలు ఎన్ని వచ్చాయో లెక్కించే ముందు ఏది మాటో తేల్చుకోవాలి. పలుకు సరిగ్గా ఉండనక్కర్లేదు. ఒకే అర్థానికి, తనంతట తాను, మళ్ళీ మళ్ళీ అదే శబ్దం వాడుతుంటే అది మాటే. బంతికి ఎప్పుడూ "బా" అంటే అది మాట. కుక్కను చూసి "బౌ" అంటే మాట. పాత్ర ఖాళీ అయినప్పుడల్లా "పోయి" అంటే "అయిపోయింది" అన్నట్టే. మనం అనగానే తిరిగి అనేసి, తర్వాత ఎప్పుడూ వాడనిది మాత్రం ఇంకా మాట కాలేదు. మొదట్లో నాలుగు కాళ్ళున్న ప్రతి జంతువూ "బౌ" కావచ్చు. అది తప్పు కాదు, ఉన్న కొద్ది మాటలతో పని గడుపుకోవడం.

ఇంట్లో రెండు భాషలు ఉంటే రెండింటి మాటలూ కలిపి లెక్కించాలి. ఒక భాషలో నాలుగు, ఇంకో భాషలో ఐదు ఉంటే ఆ పిల్లకు తొమ్మిది మాటలు ఉన్నట్టే. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. ఈ భయంతో ఇంటి భాష మానేసిన కుటుంబాలను చూశాను. తమకు బాగా వచ్చిన భాషను పక్కనపెట్టి, తడబడే భాషలో మాట్లాడడం వల్ల పిల్లకు వినపడే మాటలే తగ్గాయి.

వయసుల సంగతి కొస్తే, అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2022లో సవరించిన జాబితా నాకు ఉపయోగంగా ఉంటుంది. నూటికి 75 మంది, లేదా అంతకంటే ఎక్కువమంది పిల్లలు ఆ వయసుకు చేసేవే అందులో ఉంటాయి. 15 నెలలకు అమ్మ, నాన్న కాక ఒకటి రెండు మాటలు ప్రయత్నించడం, ఏదైనా కావాలని వేలుతో అడగడం. 18 నెలలకు అమ్మ, నాన్న కాక మూడు లేదా అంతకుమించి మాటలు, ఆసక్తిగా ఉన్నదాన్ని మనకు చూపించడానికి వేలు. రెండేళ్ళకు కనీసం రెండు మాటలు కలిపి చెప్పడం. అడిగే వేలు 15 నెలల దగ్గర, చూపించే వేలు 18 దగ్గర విడివిడిగా ఉండడం గమనించండి.

ఒక బాబు, నాలుగు రోజుల కాగితం

18 నెలల బాబును తీసుకొచ్చిన ఒక తల్లి "అమ్మ, టాటా, ఈ రెండే అంటాడు" అని చాలా టెన్షన్‌గా చెప్పింది. చెప్పింది వింటాడు, "చెప్పులు తీసుకురా" అంటే తెస్తాడు. ముందు వినికిడి పరీక్ష చేయించుకు రమ్మన్నాను. పుట్టినప్పుడు చేసిన పరీక్ష బాగున్నా తర్వాత చెవిలో నీరు చేరి వినికిడి తగ్గొచ్చు. చెప్పిన పనులు చేస్తున్నాడు కదా అని దీన్ని వదిలేయకూడదు, ఎందుకంటే పిల్లలు మన చేతి కదలికలను, సందర్భాన్ని బట్టి కూడా అర్థం చేసుకుంటారు. పరీక్షలో వినికిడి బాగానే ఉందని తేలింది.

తర్వాత నాలుగు రోజులపాటు వంటింట్లో ఒక కాగితం పెట్టుకోమన్నాను. బాబు చేసే ప్రతి శబ్దం, ప్రతి సైగ, దాని తర్వాత ఇంట్లోవాళ్ళు ఏం చేశారో మూడు వరుసల్లో రాయాలి. కాగితం తిరిగి వచ్చేసరికి మాటలు రెండు కాదు, ఆరు: అమ్మ, టాటా, బా, బౌ, పోయి, ఇంకా వస్తువు ఇస్తూ అనే "ఇం", అంటే "ఇందా". వేలు చూపించడం చాలాసార్లు ఉంది, కానీ దాదాపు అన్నీ అడిగేవే. చూపించేవి నాలుగు మాత్రమే: కిటికీలోంచి పక్షి, గోడమీద కదిలే నీడ, రెండుసార్లు చంద్రుడు.

నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది మూడో వరుస. వేలు చూపగానే వస్తువు చేతికి వచ్చేసింది. చాలాసార్లు చూపించకముందే వచ్చేసింది. ఆ తల్లి చాలా శ్రద్ధగలది, బాబు కళ్ళు చూసి ఏం కావాలో పట్టేస్తుంది. దాంతో బాబుకు శబ్దం చేయాల్సిన అవసరమే రాలేదు. వస్తువు వచ్చింది, దాని పేరు రాలేదు.

మొదటి మార్పు ఒక్కటే పెట్టుకున్నాం: ఇచ్చే ముందు ఒక మాట. బాబు బంతి వైపు చూపిస్తే దాన్ని అందుకుని, ముఖం దగ్గర పట్టుకుని, "బంతి" అని ఇవ్వాలి. "బంతి అను, అంటేనే ఇస్తా" అనకూడదు. అలా బిగపట్టడం చాలా ఇళ్ళలో జరుగుతుంది, చివరికి ఏడుపు తప్ప మాట రాదు. మాట ఉచితంగా ఇవ్వాలి, వస్తువు ఎలాగూ ఇవ్వాలి.

రెండోది ఆగే ఆట. నేలమీద ఎదురెదురుగా కూర్చుని బంతి దొర్లిస్తారు. ప్రతిసారీ ఒకే పాట: "ఒకటి... రెండు... మూడు!" అని వదలడం. ఏడెనిమిదిసార్లు అయ్యాక పిల్లకు వరుస తెలిసిపోతుంది. అప్పుడు "ఒకటి... రెండు..." అని బంతి పట్టుకుని ఆగిపోవాలి. కళ్ళు పెద్దవి చేసి, ముఖంలో ఎదురుచూపుతో, నోరు మూసుకుని. లోపల నెమ్మదిగా పది దాకా లెక్కపెట్టుకోవాలి. ఈ పది లెక్క పెద్దవాళ్ళకు చాలా కష్టం. మూడు దగ్గరే "మూడు అను నాన్నా, మూడు" అని నోరు జారిపోతుంది. ఆ నిశ్శబ్దంలోనే పిల్ల ఏదో ఒకటి చేస్తుంది: చెయ్యి ఊపుతుంది, బంతి వైపు చూపించి మన ముఖం చూస్తుంది, "ఊ" అంటుంది. ఏది చేసినా అదే జవాబు. వెంటనే "మూడు!" అని బంతి వదిలేయాలి. దోబూచిలో కూడా ఇదే కిటుకు. గుడ్డ వెనుక ముఖం దాచి, బయటికి రావడానికి కొంచెం ఆలస్యం చేస్తే ఆ ఆలస్యంలో పిల్ల మన వంతు తీసుకుంటుంది.

మూడోది చూపించే వేలు కోసం. దీనికి అడగడానికి ఏమీ లేని ఆట కావాలి, లేకపోతే మళ్ళీ "ఇవ్వు" దగ్గరికే వస్తాం. ఆ ఇంట్లో వాళ్ళు బాబుకు తెలిసిన బొమ్మలను ఉండకూడని చోట్ల పెట్టారు. తలుపు గడియకు సాక్సు. పుస్తకాల మధ్య చెంచా. చేతికి అందనంత ఎత్తులో తలకిందులుగా బొమ్మ కుక్క. చూపించి చెప్పరు, ఎత్తుకుని ఊరికే గదిలో తిరుగుతారు. బాబు మొదట చూశాడు, తర్వాత అమ్మ ముఖం చూశాడు. రెండో రోజు వేలు లేచింది. "అరె! చెంచా! ఇక్కడుందేంటి చెంచా?" అని అమ్మ ఆశ్చర్యపోయింది. ఆ ఆశ్చర్యం నిజంగా ఉండాలి. వేలుకు జీతం అదే. అమ్మ కూడా రోజుకు కొన్నిసార్లు తన వేలుతో చూపిస్తూ, చూపినదాని పేరు చెప్పడం మొదలుపెట్టింది.

బొమ్మల పుస్తకం కూడా పెట్టుకున్నాం, కానీ ఒక షరతుతో: "ఇదేంటి?" అని అడగకూడదు. ఆ ప్రశ్న ఆటను పరీక్షగా మార్చేస్తుంది. బాబు వేలు పెట్టినదాని పేరు చెప్పడం, తర్వాత పేజీ అతణ్ణే తిప్పనివ్వడం, అంతే.

ఆరు వారాల తర్వాత కాగితం మీద 19 మాటలు ఉన్నాయి. అడిగే వేలు, చూపించే వేలు దాదాపు సగం సగం. ఇదంతా ఆటల వల్లే అని నేను అనలేను, ఎందుకంటే ఆ వయసులో ఆరు వారాల్లో పిల్లలు ఎలాగూ పెరుగుతారు. అయితే 2015లో ఒక ప్రయోగంలో ఏడాదిన్నరకు దగ్గరలో ఉన్న 15 మంది పిల్లలను తీసుకుని, కొందరిని బొమ్మల పుస్తకంలో వేలు పెట్టి చూపించేలా ప్రోత్సహించారు. వాళ్ళు మామూలు సమయంలోనూ ఎక్కువ సైగలు చేశారు, మాటలూ ఎక్కువ నేర్చుకున్నారు. చిన్న ప్రయోగమే, కానీ సైగకూ మాటకూ మధ్య ఉన్నది వట్టి కలిసిరావడం కాదని అది సూచిస్తోంది.

వేలు, మాట కలిసిన రోజు

21వ నెలలో ఆ తల్లి ఒక సంగతి చెప్పింది. బాబు గుమ్మం దగ్గరున్న చెప్పులను చూపిస్తూ "నాన్న" అన్నాడట. అవి నాన్న చెప్పులే. "చెప్పులను చూసి నాన్న అంటున్నాడండీ, పేర్లు కలిపేసుకుంటున్నాడేమో" అని ఆమె అనుమానం. అతను ఏమీ కలిపేసుకోలేదు. వేలు "చెప్పులు" అంది, నోరు "నాన్న" అంది. రెండూ కలిపితే "నాన్న చెప్పులు." ఐవర్సన్, గోల్డిన్-మెడో చూసిన పిల్లల్లో కూడా ఇలా వేలుతో ఒకటి, నోటితో ఇంకొకటి చెప్పడం ముందు వచ్చింది, రెండు మాటలు కలపడం ఆ తర్వాత వచ్చింది. అప్పుడు చేయాల్సింది ఆ వాక్యాన్ని పూర్తిగా తిరిగి అప్పగించడమే: "అవును, నాన్న చెప్పులు." రెండేళ్ళు నిండకముందే అతను "నాన్న రా", "బంతి పోయింది" అన్నాడు.

అందరి కథా ఇలా సాగదు. 24 నెలలకు 50 మాటలు లేకపోయినా, రెండు మాటలు కలపకపోయినా పరీక్ష అవసరం. మాటలు తక్కువగా ఉన్న ఇద్దరు పిల్లల్లో, చెప్పింది బాగా అర్థం చేసుకుంటూ సైగలతో కబుర్లు చెప్పే పిల్ల తనంతట తాను అందుకునే అవకాశం ఎక్కువ. సైగలు కూడా తక్కువగా ఉన్న పిల్ల విషయంలో "వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి" అని ఆగకూడదు. ఏడాదికి ఏ సైగలూ లేకపోవడం, 16 నెలలకు ఒక్క మాటా లేకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం కూడా వెంటనే చూపించాల్సినవే. వచ్చిన మాటలు, సైగలు పోవడం ఏ వయసులోనైనా ఆగకూడని విషయం.

అడిగే వేలు ఉండి చూపించే వేలు లేకపోవడం నేను ప్రత్యేకంగా చూసే సంగతి. కొందరు పిల్లలు వేలు కూడా వాడకుండా పెద్దవాళ్ళ మణికట్టు పట్టుకుని, ఆ చేతిని కావలసిన వస్తువు మీద పెడతారు, ముఖం మాత్రం చూడరు. ఆటిజం ముందస్తు గుర్తింపు కోసం 16 నుంచి 30 నెలల పిల్లల తల్లిదండ్రులను అడిగే ఎం-చాట్ ప్రశ్నావళిలో అడిగే వేలు గురించి ఒక ప్రశ్న, చూపించే వేలు గురించి వేరే ప్రశ్న ఉంటాయి. ఒక్క సమాధానంతో ఏదీ తేలదు, అది తదుపరి పరీక్షకు దారి మాత్రమే.

స్క్రీన్ గురించి తప్పక అడుగుతారు. వీడియోలో ఫ్యాన్ కనిపించి "ఫ్యాన్" అని వినిపించినా, పిల్ల వేలు చూపితే ఆ వీడియో తిరిగి చూడదు. రెండేళ్ళ లోపు పిల్లలకు పదాలు నేర్పుతామనే వీడియోలను 2010లో ఒక ప్రయోగంలో నెల రోజులు చూపించారు. అవి చూసిన పిల్లలు, చూడని పిల్లలకంటే ఎక్కువ మాటలేమీ నేర్చుకోలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు రెండు వస్తువులు తీసుకెళ్ళండి. ఒకటి నాలుగు రోజుల కాగితం. రెండోది ఫోన్‌లో తీసిన రెండు నిమిషాల వీడియో: పిల్ల తన ఇంట్లో, తన ఆటలో, తన మనిషితో ఉన్నప్పుడు తీసినది. కొత్త గదిలో, కొత్త ముఖాల ముందు చాలామంది పిల్లలు వేలు కూడా ఎత్తరు. వీడియోలో పిల్ల ముఖం, మీ ముఖం రెండూ కనబడేలా కాస్త పక్క నుంచి తీయండి. వేలు చాపాక చూపు ఎటు తిరిగిందో అప్పుడే తెలుస్తుంది.